ముప్పై రోజులు... ఏ రోజు నుంచి?

విజయవాడ ఆటోనగర్‌లో ఇనుప బెంచీలు చేసే చిన్న షెడ్డు ఉందనుకుందాం. యజమాని జూన్ 1న ఒక స్కూలుకు 2 లక్షల రూపాయల కొటేషన్ ఇచ్చాడు. అడుగున ఇలా రాశాడు: "40 శాతం అడ్వాన్స్, 20 రోజుల్లో డెలివరీ, బ్యాలెన్స్ నెట్ 30." ఇందులో రెండు గడువులున్నాయి. అవి ఏ రోజు నుంచి మొదలవుతాయో మాత్రం రాయలేదు.

మొదటిది డెలివరీ గడువు. స్కూలువాళ్లు జూన్ 21కల్లా బెంచీలు వస్తాయనుకున్నారు. అడ్వాన్స్ 80 వేలు చేతికి అందింది జూన్ 15న. ఆ రోజు నుంచి లెక్కేస్తే డెలివరీ జూలై 5. "అడ్వాన్స్ అందిన రోజు నుంచి" అన్న మాట ముందే రాసి ఉంటే ఈ పేచీ వచ్చేది కాదు.

అడ్వాన్స్ శాతం కూడా అలవాటుగా వేసేది కాదు, సరుకు ఖర్చును బట్టి వేసుకోవాలి. ఈ పనికి పైపులు, ప్లైవుడ్ కలిపి 1,10,000 అయితే 80 వేలు చాలవు. మిగతా 30 వేలు, వెల్డర్ల కూలీ యజమాని జేబులోంచే పోతాయి. 55 శాతం అడిగితే సరుకు ఖర్చయినా గట్టెక్కేది.

రెండోది బ్యాలెన్స్ గడువు. నెట్ 30 అంటే మిగిలిన మొత్తమంతా 30 రోజుల్లోగా ఇచ్చెయ్యాలని. బెంచీలు, బిల్లు రెండూ జూలై 5నే వెళ్లాయి. బిల్లు తేదీ నుంచి లెక్కిస్తే 1,20,000 రావాల్సింది ఆగస్టు 4న. బిల్లు అకౌంట్స్ సెక్షన్‌కు చేరింది జూలై 12న కాబట్టి, అక్కడివాళ్ల లెక్కలో ఆగస్టు 11. కొన్ని ఆఫీసుల్లో బిల్లు వచ్చిన నెల ముగిశాక 30 రోజులు లెక్కపెడతారు. అలాగైతే ఆగస్టు 30.

చట్టం ఇక్కడ ఒక హద్దు పెట్టింది. షెడ్డుకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరుకు అందుకున్న నాటి నుంచి 45 రోజులు దాటకూడదు. అంటే మన లెక్కలో ఆగస్టు 19. ఆగస్టు 30 చెల్లదు. గడువేమీ రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. అయితే సరుకులో లోపముందని కొన్నవాళ్లు 15 రోజుల్లోగా రాతపూర్వకంగా చెబితే, దాన్ని సరిచేసిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. అందుకే డెలివరీ చలానా మీద తేదీతో సంతకం తీసుకోవాలి.

ఆ యజమాని తర్వాతి కొటేషన్ ఇలా ఉంటే సరిపోతుంది: "55 శాతం అడ్వాన్స్. అది అందిన రోజు నుంచి 20 రోజుల్లో డెలివరీ. బ్యాలెన్స్ బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోగా." బిల్లు మీద మాత్రం నెట్ 30 అని వదిలెయ్యకుండా, "చెల్లించాల్సిన తేదీ: ఆగస్టు 4" అని రాయాలి. రోజులు ఎవరి లెక్కన వాళ్లు లెక్కపెట్టుకోవచ్చు గానీ, తేదీ అందరికీ ఒక్కటే.