ఊపిరి గీసే బొమ్మ

మత్తులో ఉన్న రోగి ఊపిరి వదిలిన ప్రతిసారీ మానిటర్ మీద ఒక గీత లేస్తుంది. ఆ గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో చూపే కాప్నోగ్రాఫ్ గీత అది. మామూలుగా అయితే సున్నా నుంచి నిటారుగా లేచి, పైన దాదాపు చదునుగా సాగి, 35-45 మి.మీ. పాదరసం దగ్గర ముగుస్తుంది. ఊపిరి తీసుకోగానే మళ్లీ సున్నాకు పడిపోతుంది.

నిటారు అంచు సొరచేప రెక్కలా ఏటవాలుగా మారితే గాలి బయటికి రాలేక అవస్థపడుతోందన్నమాట. ఉబ్బసంతో శ్వాసనాళాలు బిగుసుకుని ఉండొచ్చు, ట్యూబు మడతపడి ఉండొచ్చు. గీత కింద సున్నాను తాకకపోతే రోగి వదిలిన గాలినే తిరిగి పీలుస్తున్నట్టు. సోడాలైమ్ అయిపోయిందా, వాల్వ్ ఇరుక్కుందా అని చూడాలి.

అసలు భయం గీతే లేకపోవడం.

ట్యూబు పెట్టాక మూడు నాలుగు చిన్న అలలు వచ్చి, తగ్గుతూ మాయమయ్యాయనుకోండి. అంతకుముందు మాస్కుతో ఊదిన గాలి కొంత పొట్టలో చేరితే అలా జరుగుతుంది. ట్యూబు అన్నవాహికలో ఉంది! ఊపిరితిత్తుల్లో ముందే నింపిన ఆక్సిజన్ వల్ల పల్స్ ఆక్సీమీటర్ మాత్రం కొన్ని నిమిషాలు 99 శాతం చూపిస్తూనే ఉండొచ్చు. గుండె ఆగింది కాబట్టే గీత లేదనుకోవడం ఇక్కడ పెద్ద ఉచ్చు. గుండె ఆగినా, ఛాతీ నొక్కుతూ ఊపిరి అందిస్తుంటే చిన్న అలలు సాధారణంగా కనిపిస్తాయి. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ అనస్థటిస్ట్స్ ప్రచారం చేసే సూత్రం అందుకే అంత సూటిగా ఉంటుంది: గీత లేదంటే ట్యూబు తప్పుచోట ఉన్నట్టే. సరైన చోటే ఉందని వెంటనే రుజువు కాకపోతే దాన్ని తీసేసి, మాస్కుతో ఊపిరి అందించాలి.