లోగోను బొటనవేలితో మూసి చూడండి

ఒక శాఖవారు సంక్రాంతికి బంగారు రుణాల పోస్టరు వేయాలనుకున్నారనుకుందాం. ఇదివరకైతే ఫొటోగ్రాఫరు, డిజైనరు, పై ఆఫీసు అనుమతి అంటూ రోజులు పట్టేది. ఇప్పుడు ఏఐ యాప్‌లో ‘నగలు వేసుకున్న తెలుగు కుటుంబం, ముగ్గు, గాలిపటాలు’ అని రాస్తే నిమిషంలో బొమ్మ వచ్చేస్తుంది.

ఆ బొమ్మను కాస్త నిదానంగా చూడండి. అమ్మాయి నుదుట పాపిడిబిళ్ళ ఉంటుంది కానీ తల్లి మెడలో పుస్తెలతాడు ఉండదు. ముగ్గులో చుక్కల లెక్క కుదరదు. వెనక బోర్డు మీది అక్షరాలు తెలుగులాగే ఉంటాయి, ఒత్తులు మాత్రం ఏ పదానికీ అతకవు. ఇవన్నీ దిద్దుకోదగ్గ తప్పులే. దిద్దడానికి కష్టమైనది ఇంకొకటుంది. ఈ యంత్రం కోట్ల బొమ్మలు చూసి నేర్చుకుంది కాబట్టి, ‘సంతోషంగా ఉన్న కుటుంబం’ అనగానే వాటిలో ఎక్కువసార్లు కనిపించిన రూపాన్నే ఇస్తుంది. ఎదురు వీధిలోని బ్యాంకువారు ఇంచుమించు అవే మాటలు రాస్తే, ఇంచుమించు అదే కుటుంబం వాళ్ళ పోస్టరులోనూ నవ్వుతూ ఉంటుంది. పోస్టరు మీది లోగోను బొటనవేలితో మూసి, ఇది ఏ బ్యాంకుదో ఇంట్లోవాళ్ళను చెప్పమనండి. చెప్పలేకపోతే ఆ ఖర్చు పరిశ్రమ మొత్తానికి పెట్టినట్టే.

సరే, ఆ కుటుంబాన్ని వాళ్ళు నేరుగా మన పోస్టరులోంచే తీసుకున్నారనుకోండి. ‘అది మాది’ అనగలమా? 1957 నాటి మన కాపీరైట్ చట్టంలో, కంప్యూటర్ ద్వారా తయారైన కృతికి దాన్ని తయారు చేయించిన వ్యక్తే కర్త అన్న మాట ఉంది. అయితే ఆ మాట 1994 సవరణలో చేరింది. అప్పటికి ఇలాంటి యంత్రాలు లేవు. నాలుగు పదాలు రాయడం ‘తయారు చేయించడం’ అవుతుందా అన్నది వాదనకు తావున్న ప్రశ్నే. అమెరికా కాపీరైట్ కార్యాలయం 2023లో ‘జార్యా ఆఫ్ ది డాన్’ అనే బొమ్మల కథ విషయంలో, రచయిత రాసిన మాటలకు, పేజీల కూర్పుకు హక్కు ఉంచి, యంత్రం గీసిన బొమ్మలకు మాత్రం లేదంది. అదే మన ఉద్యోగి విధుల్లో భాగంగా తీసిన ఫొటో అయితే, వేరే ఒప్పందం లేనంతవరకు మొదటి హక్కుదారు బ్యాంకే. అందులో తగవు లేదు. శాఖ ముందు నిలబడ్డ నిజమైన ఖాతాదారు ఫొటో, ఆయన రాతపూర్వక సమ్మతితో తీసింది, కొంచెం మసకగా ఉన్నా నేను దానికే ఓటేస్తాను.

ఇక మాటలు. యంత్రాన్ని అడిగితే ‘మీ బంగారు కలలను అన్‌లాక్ చేయండి! క్షణాల్లో లోన్ గ్యారంటీ!’ అని రాస్తుంది. మన కౌంటరులో ఎవరైనా అలా మాట్లాడతారా? నగ తూచి, నాణ్యత చూసి, కాగితాలు సరిచూశాకే రుణం ఇస్తాం. అలాంటప్పుడు ‘గ్యారంటీ’ అన్న ఒక్క మాట రేపు ఫిర్యాదు కాగితంలో మనకే ఎదురవుతుంది. పైగా తాకట్టుకు వచ్చేవారిలో చాలామంది పిల్లల ఫీజు కోసమో, ఆస్పత్రి బిల్లు కోసమో వస్తారు. వాళ్ళ దగ్గర కలల ప్రసక్తి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇలాంటి వాక్యం ఒక పోస్టరులో ఉంటే ఎవరూ పట్టించుకోరు. ఏడాదిపాటు ప్రతి శాఖా తనకు తోచిన యాప్‌తో రాయించుకుంటే, ఒక ఊళ్ళో ‘మీరు’ అన్న బ్యాంకు ఇంకో ఊళ్ళో ‘హాయ్ ఫ్రెండ్స్’ అంటుంది.

అదే పోస్టరు మీద, ‘మీ నగ మా లాకరులో భద్రం. అప్పు తీరిన రోజున మీ చేతికి’ అని శాఖలోని క్యాషియరమ్మే రాయగలదు.