తిరగేసి చదివితే తప్పు దాగదు

తెలుగునాట వేదం చదువుకునేవారిలో ఎక్కువమంది కృష్ణయజుర్వేదంలోని తైత్తిరీయ శాఖవారు. పాఠశాలలో చేరిన పిల్లవాడికి మొదట పుస్తకంతో పని ఉండదు. గురువు ఒక ముక్క చెబుతాడు, శిష్యుడు దాన్ని రెండుసార్లు అంటాడు. దీన్నే సంథ చెప్పుకోవడం అంటారు. ఆ తర్వాత నోటికి పట్టేదాకా వల్లె వేయాలి. ఇలా వచ్చిన మంత్రపాఠం సంహిత.

ఇంతటితో ఆగితే పాఠం నిలవదు. పాట పాడేవాడు ఒక మాట మరిచిపోతే దగ్గరి మాట వేసుకుని సాగిపోతాడు, వినేవాళ్లకు తేడా తెలియదు. పైగా సంస్కృతంలో సంధి కలిసినచోట రెండు పదాల అంచులు కరిగిపోతాయి. అందుకే పూర్వులు సంహితను విడదీసి పదపాఠం కట్టారు. ఋగ్వేదానికి ఆ పని చేసినవాడు శాకల్యుడు. ఆయన పేరు పాణిని సూత్రాల్లోనే కనిపిస్తుంది కాబట్టి, పాణిని నాటికే పదాల హద్దులు తేలిపోయాయన్నమాట.

విడదీసిన పదాలను మళ్లీ రకరకాలుగా ముడివేయడమే తరువాతి చదువు. క్రమపాఠంలో ఒకటి-రెండు, రెండు-మూడు, మూడు-నాలుగు అని జంటలుగా చెబుతారు. నడుమనున్న ప్రతి పదమూ తన ముందుదానితో ఒకసారి, వెనుకదానితో ఒకసారి వస్తుంది. ఒక పదం జారితే రెండు జంటలు తెగిపోతాయి. జటలో ప్రతి జంటనూ తిరగేస్తారు: ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు.

ఇందులోని కిటుకు తెలియడానికి వేదంలోది కాని రెండు మాటలు తీసుకుందాం: తత్ర, ఇంద్రః. కలిపితే తత్రేంద్రః. ఇది మాత్రమే విన్నవాడికి మొదటి పదం చివర ఉన్నది ‘త్ర’ అనే హ్రస్వమో, ‘త్రా’ అనే దీర్ఘమో తేలదు. రెండింటికీ సంధిలో వచ్చేది ‘త్రే’ మాత్రమే. తిరగేస్తే ఇంద్రస్తత్ర. ఇప్పుడు హ్రస్వం బయటపడింది, ఇంద్రశబ్దం చివరి విసర్గ కూడా సకారమై ఉనికి చాటుకుంది. మొత్తం జట ఇలా నడుస్తుంది: తత్రేంద్ర ఇంద్రస్తత్ర తత్రేంద్రః. పొరుగు పదం మారినప్పుడల్లా స్వరం కూడా సర్దుకోవాలి. అనుదాత్తం, ఉదాత్తం, స్వరితం సరిగా పట్టుకోకపోతే తిరగేసిన చోట గొంతు తడబడి దొరికిపోతుంది. తిరగేసిన వరసకు అర్థం పొసగదు కాబట్టి ఊహించి నెట్టుకురావడమూ కుదరదు.

ఘనలో మూడు పదాలతో ఇదే ఆట: 1-2, 2-1, 1-2-3, 3-2-1, 1-2-3. తరువాత రెండో పదం నుంచి మళ్లీ మొదలు. లెక్కవేస్తే, మంత్రం నడుమనున్న పదం 13 సార్లు నోట పలుకుతుంది. ఇంతా వచ్చినవాడే ఘనాపాఠి.

తైత్తిరీయంలో ఇంకో కాపలా కూడా ఉంది. సంహితను ఏభయ్యేసి పదాల పనసలుగా విభజించారు. అనువాకం చివర గుర్తుపదాలు, మిగిలిన పదాల లెక్క ఉంటాయి. మొదటి అనువాకంలో ఏభై కూడా లేవు, 43 పదాలే. ఆ అంకె కూడా పాఠంతోపాటే నోటికి వస్తుంది. ఒక్క పదం ఎక్కినా దిగినా లెక్క కుదరదు.

అయితే ఈ తాళం వేసిన రోజున లోపల ఏముందో దాన్నే కాపాడుతుంది. ఋగ్వేదంలో ‘పావక’ అనే మాట ఎక్కడ వచ్చినా మొదటి అక్షరం దీర్ఘంగానే పలుకుతారు. ఛందస్సు మాత్రం ‘పవాక’ అని ఉండాలంటుంది. మంత్రాలు కట్టిన కాలానికీ, పాఠం స్థిరపడిన కాలానికీ మధ్య ఉచ్చారణ మారిందని పండితులు దీన్నిబట్టి గ్రహించారు. తరువాత వచ్చినవారెవరూ ఛందస్సు కోసం దాన్ని సవరించలేదు. పాఠం ఎంత గట్టిగా నిలిచిందో ఈ పొరపాటే చెబుతుంది.

ఇంకో పరిమితి మనుషులది. పతంజలి తన మహాభాష్యంలో యజుర్వేదానికి 101 శాఖలు, ఋగ్వేదానికి 21 శాఖలు చెప్పాడు. ఇవాళ అన్ని వేదాలకూ కలిపి మిగిలినవి బహుకొద్ది. జట, ఘనలు పదం జారకుండా చూడగలవు గాని, సంథ చెప్పుకునే శిష్యుడు లేని గురువుతో పోయే శాఖను నిలపలేవు.