రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి ఉంటే

2018 జనవరిలో ఒక రోజు ముంబైలోని పంజాబ్ నేషనల్ బ్యాంకు బ్రాడీ హౌస్ శాఖకు వజ్రాల వ్యాపార సంస్థల ప్రతినిధులు వచ్చారు. విదేశీ సరఫరాదారులకు డబ్బు చెల్లించడానికి బ్యాంకు హామీపత్రం, అంటే లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్, కావాలన్నారు. ఆ సీటులో అప్పుడున్న అధికారి నూరు శాతం మార్జిన్ కట్టమన్నారు. ఇంతకుముందు అదేమీ లేకుండానే హామీలు తీసుకున్నామని వాళ్లు బదులిచ్చారు. అధికారికి అనుమానం వచ్చింది. పాత రికార్డులు వెతికితే ఆ హామీల జాడే లేదు.

ఫిబ్రవరి 14న బ్యాంకు స్టాక్ ఎక్స్ఛేంజీలకు తెలియజేసిన మోసం విలువ సుమారు 11,400 కోట్ల రూపాయలు.

జరిగిందేమిటంటే, హామీలు స్విఫ్ట్ సందేశాలుగా విదేశీ శాఖలకు వెళ్లాయి. కానీ బ్యాంకు అసలు లెక్కలుండే కోర్ బ్యాంకింగ్ వ్యవస్థలో వాటిని నమోదు చేయలేదు. ఆ రెండు వ్యవస్థలకూ మధ్య లంకె లేదు. ఆడిటర్ కోర్ బ్యాంకింగ్ లెక్కల్లోంచి ఎన్ని శాంపిళ్లు తీసినా, అక్కడ ఎక్కించనే ఎక్కించని హామీ చేతికి చిక్కదు.

నిరంతర ఆడిట్ పనికొచ్చేది సరిగ్గా ఇలాంటి చోటే. పాత పద్ధతిలో ఆడిటర్ ఏడాదికో, మూడు నెలలకో వచ్చి కొన్ని వోచర్లు చూసి వెళతారు. నిరంతర ఆడిట్‌లో ఒక ప్రోగ్రామ్ రోజూ ఉదయం నిన్న బయటికి వెళ్లిన సందేశాలన్నిటినీ, కోర్ బ్యాంకింగ్‌లోని నమోదులన్నిటినీ తెచ్చుకుంటుంది. నంబరు, మొత్తం, అవతలి బ్యాంకు సరిపోలుతున్నాయా అని చూస్తుంది. జత దొరకని సందేశం ఆ ఉదయమే ఆడిటర్ ముందుకు వస్తుంది. స్విఫ్ట్ దుర్వినియోగం గురించి 2016 ఆగస్టు నుంచి కనీసం మూడుసార్లు హెచ్చరించామని రిజర్వు బ్యాంకు తర్వాత చెప్పింది. మోసం బయటపడ్డాక, 2018 ఏప్రిల్ 30 లోపు రెండు వ్యవస్థలనూ కలపాలని బ్యాంకులకు గడువు పెట్టింది.

మామూలు కంపెనీల్లో ఇలాంటి తనిఖీ ఎక్కువగా ఒకే బిల్లుకు రెండుసార్లు చెల్లించారా అన్నదాని మీద నడుస్తుంది. ఊహకు ఒక సిమెంటు సరఫరాదారుని తీసుకుందాం. అతని బిల్లు A/0147 కింద 4వ తేదీన 1,86,440 రూపాయలు చెల్లించారు. 19న అదే మొత్తం A-147 పేరుతో మళ్లీ వెళ్లింది. అంకెలను ఉన్నదున్నట్టు పోల్చే ప్రోగ్రామ్‌కు ఇవి రెండు వేర్వేరు బిల్లులు. గీతలు, ముందున్న సున్నాలు తీసేసి పోల్చమంటే రెండూ ఒకటేనని పట్టేస్తుంది. వేల బిల్లుల మధ్య ఈ పని మనిషి కళ్లతో జరిగేది కాదు.

అయితే నంబరు పక్కన పెట్టి మొత్తం ఒక్కటే చూడమంటే, నెలనెలా కట్టే ఆఫీసు అద్దె కూడా అనుమానాల జాబితాలోకి ఎక్కుతుంది. రోజుకు మూడు వందల అనుమానాలు వస్తే వారం తిరిగేసరికి ఆ జాబితాను ఎవరూ తెరవరు. మరీ బిగిస్తే అసలు దొంగ బిల్లే జారిపోతుంది. ఆ గీత ఎక్కడ గీయాలో ఆ వ్యాపారం తెలిసిన ఆడిటరే తేల్చాలి.

జాబితాలోకి వచ్చిన పేరు కూడా తప్పుకు రుజువు కాదు. మేనేజరు 5 లక్షల లోపు బిల్లులను సొంతంగా ఆమోదించగలిగే చోట, ఒకే వారంలో 4,90,000 చొప్పున మూడు బిల్లులు వచ్చాయనుకోండి. పెద్ద బిల్లును కావాలనే ముక్కలు చేశారేమో. లేదా ఒక్కో లారీ లోడు ధరే అంత కావచ్చు. నిజం తెలియాలంటే వేబ్రిడ్జి చీటీలు, గేటు రిజిస్టరు చూడాలి. సరుకు దించుకున్న స్టోర్ కీపర్‌తో మాట్లాడాలి. నిజంగా మూడు లారీలు వచ్చాయా అన్నది కంప్యూటరులో ఉన్న బిల్లు చెప్పదు.

బ్రాడీ హౌస్‌లో ఆ రోజు పనిచేసింది మనిషికి కలిగిన ఇలాంటి అనుమానమే. మార్జిన్ లేకుండా అంత పెద్ద హామీ ఎవరిచ్చారన్న ప్రశ్న ఆ అధికారికి తట్టింది. అదే సీటులో ఒకరే ఏళ్ల తరబడి ఎందుకున్నారన్నది అలాంటి మరో ప్రశ్న. బదిలీల పట్టికను పోల్చి ప్రోగ్రామ్ ఆ పేరును చూపగలదు గానీ, కారణం అడగాల్సింది ఆడిటరే.

జాబితా ఖాళీగా వచ్చిన రోజు మరింత జాగ్రత్త కావాలి. నెల రోజులుగా ఒక్క తేడా కూడా కనిపించకపోతే, అనుభవమున్న ఆడిటర్ ముందుగా స్విఫ్ట్ నుంచి ఎన్ని సందేశాలు వెళ్లాయో, తన ప్రోగ్రామ్‌కు ఎన్ని అందాయో లెక్క సరిచూస్తారు. ఏదో ఒక శాఖ ఫైలు దారిలోనే ఆగిపోయి ఉండవచ్చు. ఆ లెక్క కుదిరాక, పరీక్ష కాపీలో జత లేని సందేశాన్ని తనే ఒకటి చేర్చి, మర్నాడు ఉదయం అది జాబితాలో కనిపిస్తుందో లేదో చూస్తారు.