కోర్సు సెక్షన్ నిండిపోయిందా? అమెరికా వెళ్లే విద్యార్థులు వెయిట్‌లిస్టులో ఉంటే ఏం చేయాలి?

గోపాలపట్నంలోని ఒక ఇంట్లో ఎంఎస్‌కు అమెరికా బయల్దేరబోతున్న అబ్బాయి ఉన్నాడనుకుందాం. వీసా వచ్చింది, టికెట్ కూడా కొన్నారు. జూలైలో కోర్సులు ఎంచుకోవడానికి కూర్చుంటే రెండు సబ్జెక్టులు దొరికాయి. మూడోది మెషీన్ లెర్నింగ్. ఆ సెక్షన్‌లో 40 సీట్లూ నిండిపోయి, అబ్బాయికి వెయిట్‌లిస్టులో 7వ నంబరు వచ్చింది. "పేరు ఉంది కదా, అదే వస్తుందిలే" అని ఇంట్లోవాళ్లు ఊరుకుంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఎఫ్-1 వీసా మీద చదివేవారు ప్రతి సెమిస్టరులో ఫుల్‌టైమ్ విద్యార్థిగా ఉండాలి. చాలా యూనివర్సిటీల్లో ఎంఎస్‌కు అంటే 9 క్రెడిట్లు, మామూలుగా మూడు సబ్జెక్టులు. వెయిట్‌లిస్టులో ఉన్న సబ్జెక్టు ఈ లెక్కలోకి రాదు. వెయిటింగ్ టికెట్ చేతిలో ఉన్నా బెర్తు లేనట్టే. కాబట్టి మన అబ్బాయి చేతిలో ఉన్నవి 6 క్రెడిట్లే. సెక్షన్ నిండిపోయిందన్న కారణంతో తక్కువ క్రెడిట్లకు అనుమతి దొరకదు.

ముందు లిస్టు ఎలా నడుస్తుందో చూడాలి

కొన్ని యూనివర్సిటీల్లో సీటు ఖాళీ అయితే కంప్యూటరే పేరు చేర్చేస్తుంది. మరికొన్నిచోట్ల మెయిల్ మాత్రమే వస్తుంది. ఇచ్చిన గడువులోగా, చాలాచోట్ల 24 గంటల్లోగా, విద్యార్థే లాగిన్ అయి చేరాలి. గడువు దాటితే సీటు తర్వాతివాళ్లకు పోతుంది. అక్కడ పగలంటే ఇక్కడ రాత్రి. అందుకే ఇంకా గోపాలపట్నంలో ఉన్నవారు పొద్దున లేవగానే యూనివర్సిటీ మెయిల్ చూసుకోవాలి.

ఇంకో సంగతి. ఫీజు బకాయి, టీకాల రికార్డు లాంటి వాటివల్ల అకౌంటు మీద హోల్డు ఉన్నా, టైమింగ్ వేరే క్లాసుతో ఢీకొన్నా, వంతు వచ్చినా కంప్యూటర్ ఆ పేరు దాటి వెళ్లిపోతుంది.

ప్రొఫెసర్‌ను అడగడం ఎలా

రైల్వే వెయిటింగ్‌కీ దీనికీ తేడా ఒకటుంది. చాలాచోట్ల ప్రొఫెసర్ అనుమతిస్తే లిస్టు వరసతో పని లేకుండా చేరవచ్చు. కొన్ని డిపార్ట్‌మెంట్లలో ఆ అధికారం ప్రొఫెసర్‌కు ఉండదు, గ్రాడ్యుయేట్ అడ్వైజర్ చేతిలో ఉంటుంది. ముందు డిపార్ట్‌మెంట్ పేజీ చూసి, అడగాల్సినవారినే అడగాలి.

మెయిల్ ఐదారు వాక్యాలు దాటకూడదు. పేరు, స్టూడెంట్ ఐడీ, కోర్సు, సెక్షన్ నంబరు, వెయిట్‌లిస్టు నంబరు రాయాలి. ఆ సబ్జెక్టుకు ముందు చదవాల్సినవి బీటెక్‌లో ఏం చదివారో, ఎన్ని మార్కులు వచ్చాయో ఒక వాక్యంలో చెప్పాలి. ఈ సెమిస్టరులోనే ఎందుకు అవసరమో చెప్పాలి. ఉదాహరణకు, వచ్చే సెమిస్టరులో తీసుకునే సబ్జెక్టుకు ఇది ముందస్తు కోర్సు కావడం. "వీసా పోతుంది సార్" అని బతిమాలితే పని జరగదు, ఎందుకంటే క్రెడిట్లు వేరే సబ్జెక్టుతోనూ నిండుతాయని ఆయనకు తెలుసు. జవాబు రాకపోతే వారం ఆగి ఒక్కసారి గుర్తు చేస్తే చాలు. మొదటి క్లాసుకు రావచ్చా అని కూడా అడగాలి. తొలివారంలో కొందరు మానేస్తారు, అప్పుడు కళ్లెదుట ఉన్నవారికి అవకాశం ఎక్కువ.

ఆయన "సరే" అన్నంతమాత్రాన చేరినట్టు కాదు. పర్మిషన్ నంబరు ఇస్తే దాన్ని పోర్టల్‌లో విద్యార్థే ఎక్కించాలి. దానికీ గడువు ఉంటుంది. కొన్నిచోట్ల ఆ నంబరు ముందస్తు కోర్సు షరతును మాత్రమే తీసేస్తుంది, నిండిన సెక్షన్‌లో సీటు ఇవ్వదు. చివరికి స్క్రీన్ మీద Waitlisted పోయి Enrolled అని కనబడితేనే సీటు వచ్చినట్టు.

ఈలోపు ఏం చేయాలి

సీటు ఖాళీగా ఉన్న మరో సబ్జెక్టు వెంటనే తీసుకోవాలి. డిగ్రీకి పనికొచ్చేదై ఉండాలి. మన అబ్బాయి డేటాబేస్ సబ్జెక్టు తీసుకుంటే 9 క్రెడిట్లు నిండుతాయి, మెషీన్ లెర్నింగ్ వెయిటింగ్ అలాగే ఉంటుంది. పోర్టల్‌లో Swap సదుపాయం ఉంటే, కొత్తది దొరికితేనే పాతది తీసేసేలా పెట్టుకోవచ్చు. ముందే డేటాబేస్ తీసేసి ఎదురుచూస్తే రెండూ పోయే ప్రమాదం ఉంది. ఆన్‌లైన్ సబ్జెక్టుతో నింపేవారు ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఫుల్‌టైమ్ లెక్కలోకి సెమిస్టరుకు ఒక్క ఆన్‌లైన్ క్లాసు, లేదా 3 క్రెడిట్లు మాత్రమే వస్తాయి.

క్లాసులు మొదలయ్యాక రెండు సబ్జెక్టుల పాఠాలూ చదువుతూ ఉండాలి. సబ్జెక్టు చేర్చుకునే చివరి తేదీ, ఫీజు పోకుండా మానుకునే చివరి తేదీ వేర్వేరుగా ఉండవచ్చు, రెండూ క్యాలెండరులో రాసుకోవాలి. చేర్చుకునే తేదీకి రెండు రోజుల ముందు కూడా సీటు రాకపోతే ఆశ వదిలి డేటాబేస్‌లోనే స్థిరపడటం మంచిది. అప్పటికీ 9 క్రెడిట్లు నిండకపోతే ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులోని డీఎస్ఓను అదే రోజు కలవాలి. ఆయన అనుమతి లేకుండా ఉన్న సబ్జెక్టును మాత్రం మానకూడదు.

ఇంటి నుంచి ఫోన్ చేసే అమ్మానాన్నలు "సీటు వచ్చిందా" అని అడిగే బదులు "ఎన్‌రోల్ అయినవి ఎన్ని క్రెడిట్లు" అని అడగాలి. దానికి జవాబు 9 అయితే ఆ సెమిస్టరుకు దిగులు లేదు.