పార్సిల్‌కు ముందు తీసిన ఫోటోనేనా?

సెకండ్‌హ్యాండ్ కెమెరా లెన్సు ఒకటి ఆన్‌లైన్లో కొన్నారనుకోండి. పార్సిల్ విప్పి చూస్తే ముందు అద్దం మీద గీత ఉంది. అమ్మినాయన ఒప్పుకోడు. ‘‘నేను పంపినప్పుడు శుభ్రంగానే ఉందండీ. జూన్ 18 సాయంత్రం ప్యాక్ చేసే ముందు తీసిన ఫోటో ఇదిగో’’ అని వాట్సాప్‌లో పెడతాడు. బల్ల మీద లెన్సు, పక్కన తేదీ రాసిన కాగితం. గీత మాత్రం లేదు.

ఆ వాట్సాప్ ఫోటోను ఎంత తరచి చూసినా దక్కేది తక్కువే. మామూలుగా పంపిన ఫోటోను వాట్సాప్ కుదించి, లోపలి వివరాలను తీసేస్తుంది. IMG-20250620-WA0007.jpg లాంటి పేరులోని తేదీ ఫోటో తీసిన రోజుది కాదు, వాట్సాప్ ఆ ఫైలుకు పేరు పెట్టిన రోజుది. కాబట్టి వివరాలు లేవని ఆయన్ని దొంగ అనేయడం అన్యాయం. ‘‘సార్, అదే ఫోటోను డాక్యుమెంట్‌గా పంపండి’’ అని అడగాలి. అలా పంపితే ఫైలు ఫోన్లో ఎలా ఉందో అలాగే వస్తుంది.

ఫోన్ కెమెరా ఫోటో తీసినప్పుడు బొమ్మతో పాటు తీసిన సమయం, ఫోన్ మోడల్, లొకేషన్ ఆన్‌లో ఉంటే ఆ చోటు కూడా ఫైల్లోనే రాసిపెడుతుంది. దీన్నే ఎగ్జిఫ్ మెటాడేటా అంటారు. చదవడానికి ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. మన లెన్సు ఫోటోను అందులో వేస్తే ఇలా వచ్చిందనుకుందాం:

```
exiftool -a -s lens.jpg

ModifyDate        : 2025:06:18 18:20:00
DateTimeOriginal  : 2025:06:18 18:20:00
CreateDate        : 2025:06:18 18:20:00
GPSTimeStamp      : 05:11:38
GPSDateStamp      : 2025:05:02
```

పై మూడు వరసలూ ఆయన మాటనే బలపరుస్తున్నాయి. అయితే సెకన్లు సరిగ్గా సున్నా దగ్గర ఆగాయి. యాదృచ్ఛికం కావచ్చు, చేత్తో టైపు చేసిన సమయమూ కావచ్చు. అసలు సంగతి కింది రెండు వరసల్లో ఉంది. జీపీఎస్ గడియారం గ్రీనిచ్ కాలాన్నే రాస్తుంది. దానికి ఐదున్నర గంటలు కలిపితే మే 2 ఉదయం 10:41. అంటే జూన్ 18కి నెలన్నర ముందు. ఫోటో తేదీని మార్చేవాళ్లు చాలామంది పై మూడింటినీ మార్చి, జీపీఎస్ వరసల జోలికి పోరు. ఫోన్ పాత లొకేషన్‌నే వాడుకున్నప్పుడు కొద్ది నిమిషాల తేడా రావచ్చు గానీ నెలన్నర తేడా రాదు.

మరి జూన్ 18 అని రాసిన కాగితం సంగతేమిటి? చాలా ఫోటో ఫైళ్లలో తపాలా బిళ్లంత చిన్న నకలు ఒకటి దాగి ఉంటుంది. కొన్ని ఎడిటింగ్ యాప్‌లు పెద్ద బొమ్మను మార్చి, దీన్ని పాతదిగానే వదిలేస్తాయి. బయటికి తీయడానికి ఒక్క కమాండ్ చాలు:

```
exiftool -b -ThumbnailImage lens.jpg > chinna.jpg
```

అందులో కాగితం లేకుండా ఖాళీ బల్ల కనిపిస్తే ఇక వాదన అక్కర్లేదు. మంచి ఎడిటర్లు నకలును కూడా మార్చేస్తాయి కాబట్టి, రెండూ ఒకేలా ఉన్నాయని ఫోటో నిజమైపోదు. అప్పుడు కళ్లకే పని. లెన్సు నీడ ఎడమకు పడుతుంటే కాగితం నీడ ఎటు పడింది? కాగితం కాస్త వంగి ఉంటే అక్షరాలూ దానితో వంగాయా? బల్లంతా గరుకుగా కనిపిస్తూ కాగితం మాత్రం నున్నగా ఉందా?

మార్చిన చోట్లను రంగుల్లో వెలిగించి చూపిస్తామనే వెబ్‌సైట్లనూ కొందరు నమ్ముతారు. వాటి మీద నాకంత నమ్మకం లేదు. మామూలు అక్షరాల అంచులు కూడా వాటిలో మెరుస్తాయి. ఒకసారి వాట్సాప్ దాటొచ్చిన ఫోటోలో అవి చూపేది ఎక్కువగా కుదింపు గుర్తులే.

సాఫ్ట్‌వేర్ పేరు ఉండే వరస దగ్గరా తొందరపడకూడదు. అక్కడ ఫోటోషాప్ అని ఉంటే, ఆ ఫైలు దాని గుండా వెళ్లిందని మాత్రమే అర్థం. వెలుతురు పెంచినా ఆ పేరు పడొచ్చు. ఐఫోన్ అయితే అదే వరసలో తన ఐఓఎస్ వెర్షన్ రాసుకుంటుంది.

ఇంతా చూశాక తేలేదేమిటి? ఆ ఫోటో జూన్ 18 నాటిది కాదు. గీత ఎప్పుడు పడిందన్నది మాత్రం దీనితో తేలదు. అసలు లెన్సు మీది గీత ఏటవాలు వెలుతురులో తప్ప కనిపించకపోవచ్చు కూడా. అన్నీ సరిపోయినా, అంటే జీపీఎస్ తేదీ కూడా జూన్ 18నే చూపినా, అదీ మార్చగలిగేదే. మెటాడేటాతో అబద్ధాన్ని పట్టుకోవచ్చు గానీ, నిజాన్ని రుజువు చేయలేం. అందుకే ఫోటోలోని సీరియల్ నంబరు మీకొచ్చిన లెన్సు మీద ఉన్నదేనా అని కూడా చూడండి. వేరే లెన్సును ఫోటో తీసి పంపితే తేదీలన్నీ నిజమే చెబుతాయి.

వచ్చిన ఫైలును తిప్పడం, కత్తిరించడం చేయకుండా ఒక కాపీ పక్కన పెట్టుకోండి. పరీక్షలన్నీ మరో కాపీ మీద చేయండి. మోసమేనని తేలితే 1930కి ఫోన్ చేయండి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి. అసలు ఫైలునూ, ‘‘జూన్ 18న తీశాను’’ అన్న ఆయన మెసేజ్‌నూ కలిపే ఇవ్వండి. ఆ మాట లేకపోతే మే నెల ఫోటోలో తప్పేమీ లేదు.