కరివేపాకులో ఉన్న కోనిగ్‌కు పెద్దక్షరం ఎందుకు లేదు?

ఉగాది పచ్చడిలో ఆరు రుచులు ఉంటాయని అందరికీ తెలుసు. అందులో మూడు 'ఇండికా'లు ఉంటాయని ఎవరూ చెప్పరు. మామిడి శాస్త్రీయ నామం Mangifera indica. చింత Tamarindus indica. వేప Azadirachta indica. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి దగ్గరి చుట్టరికం లేదు, కుటుంబాలే వేరు. అయినా రెండో మాట ఒక్కటే. ప్రతి పేరులోనూ మొదటి మాటకు పెద్ద ఏబీసీడీల అక్షరం, రెండోదానికి చిన్నది.

పెద్దక్షరం, చిన్నక్షరం అన్న తేడా మన లిపిలో లేదు. అందుకే ఈ నియమం మనకు స్పెల్లింగ్ చాదస్తంలా కనిపిస్తుంది. పరీక్షలో రెండో మాటకు పెద్దక్షరం రాసి మార్కు పోగొట్టుకున్న ఇంటర్ బైపీసీ పిల్లలు ఏటా ఉంటారు. నియమం బట్టీ పట్టిస్తారు గానీ దాని వెనక కారణం ఉందని చెప్పేవారు తక్కువ. ఆ కారణం తెలియాలంటే ఈ జంట పేర్లు లేని రోజుల్లో మొక్కను ఏమని పిలిచేవారో చూడాలి.

18వ శతాబ్దం మొదట్లో యూరప్ పండితులు మొక్కకు పేరు పెట్టడమంటే దాన్ని వర్ణించడమే. బుడగలాంటి తొడుగు లోపల చిన్న పండు కాసే ఫిసాలిస్ మొక్క ఒకటి ఉంది, మన చేలగట్ల మీదా మొలుస్తుంది. దాని పూర్తి పేరు లాటిన్‌లో తొమ్మిది మాటలు: 'ఫిసాలిస్ ఆనువా రామోసిస్సిమా, రామిస్ అంగులోసిస్ గ్లాబ్రిస్, ఫోలియిస్ డెంటాటో సెర్రాటిస్'. హైఫన్‌తో కలిపిన మాటను ఒకటిగా లెక్కిస్తే ఎనిమిదే అనుకోండి. ఒక్క ఏడాదే బతికేది, విపరీతంగా కొమ్మలేసేది, ఆ కొమ్మలు కోణాలుగా నున్నగా ఉండేది, ఆకుల అంచుకు రంపపు పళ్లుండేది అయిన ఫిసాలిస్ అని దాని అర్థం. పేరు చదివితే మొక్కను గుర్తుపట్టవచ్చు. సౌకర్యంగానే కనిపిస్తుంది. కానీ ఇవే లక్షణాలున్న కొత్త మొక్క ఇంకొకటి దొరికిందంటే పాత పేరు చాలదు. రెండింటికీ తేడా చూపే మాట ఒకటి అదనంగా చేర్చాలి. ఓడల్లో కొత్త మొక్కలు గుట్టలుగా దిగుతున్న కాలమది. పేర్లు పొడుగవుతూనే ఉండాలి, పైగా ఒక్కో పండితుడు ఒక్కోలా మార్చేవాడు.

స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో కార్ల్ లిన్నేయస్ కూడా మొదట ఇలాంటి పేర్లే రాశాడు. వాటిని చక్కగా రాయడమే తన గొప్పతనమనీ అనుకున్నాడు. చిక్కు పశువుల దగ్గర వచ్చింది. ఏ మొక్కను ఆవు తింటుంది, దేన్ని మేక ముట్టదు, గుర్రం దేన్ని వదిలేస్తుంది అని ఆయన శిష్యులు బయళ్లలో తిరిగి రాసుకోవాల్సి వచ్చింది. ఆవు తింటుంటే పక్కన నిలబడి పది మాటల లాటిన్ ఎవరు రాస్తారు? 1749లో అచ్చయిన ఆ పశుమేత పరిశోధనలో ప్రతి మొక్కకూ ప్రజాతి పేరు, దాని పక్కన ఒకే ఒక్క గుర్తుమాట పెట్టారు. ఇలాంటి రెండు మాటల పేర్లను పెద్ద ఎత్తున వాడింది అక్కడే.

1753లో లిన్నేయస్ దాదాపు ఆరు వేల మొక్కలతో 'స్పీసీస్ ప్లాంటారమ్' ప్రచురించాడు. అందులోనూ అసలు పేరుగా ఆయన భావించింది పొడుగు వర్ణననే. ఆ ఒక్క గుర్తుమాటను పేజీ మార్జిన్‌లో ఒక పక్కగా వేశాడు. దాన్ని ఆయన 'మామూలు పేరు' అనే అర్థంలోనే పిలిచాడు. చదివినవాళ్లు మాత్రం మార్జిన్‌లోని మాటనే పట్టుకున్నారు. పొడుగు పేర్లు కాలగర్భంలో కలిశాయి. నేటికీ మొక్కల పేర్ల లెక్క ఆ పుస్తకం నుంచే మొదలవుతుంది. జంతువుల లెక్క ఆయన 1758లో తెచ్చిన 'సిస్టమా నేచురే' పదో కూర్పు నుంచి.

అక్కడ తెగిన ముడి ఇదే: పేరు వేరు, వర్ణన వేరు అయ్యాయి. పేరు ఇక మొక్క ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు, ఏ మొక్కో చెబితే చాలు. చింతనే చూడండి. అరబ్బులు దాన్ని 'తమర్ హిందీ', అంటే హిందూదేశపు ఖర్జూరం అన్నారు. టామరిండస్ అందులోంచే వచ్చింది. దానికి లిన్నేయస్ 'ఇండికా' కలిపాడు. పేరులో ఇండియా రెండుసార్లు ఉంది, చెట్టు పుట్టిల్లు మాత్రం ఆఫ్రికా. తప్పని తెలిసినా పేరు మార్చరు. తప్పు సరిదిద్దుతూ పోతే మళ్లీ పొడుగు పేర్ల రోజుల్లోకే వెళ్తామని శాస్త్రజ్ఞులకు తెలుసు.

మరి రెండు మాటలే ఎందుకు, ఒకటి చాలదా? చాలదు. మొక్కల లోకమంతటికీ ఒక ప్రజాతి పేరు ఒక్కసారే వాడాలి. మాంజిఫెరా అంటే మామిడి, దాని దగ్గరి చుట్టాలు మాత్రమే. ఆ మాట ఒంటరిగా నిలబడినా అర్థం ఉంటుంది. 'ఇండికా' అలా కాదు, ఎన్ని ప్రజాతుల్లోనైనా వాడుకోవచ్చు. ఉత్త ఇండికా అంటే మామిడో చింతో వేపో తెలియదు. ఒక ప్రజాతి లోపల మాత్రం అది ఒక్క జాతికే చెందుతుంది. కొన్ని వేల విశేషణాలతో లక్షల జీవులకు పేర్లు పెట్టగలగడం వెనక కిటుకు ఇంతే.

విశేషణం అన్నది ఊరికే అనలేదు. ప్రజాతి పేరు లాటిన్‌లో నామవాచకం, జాతి మాట చాలాసార్లు దానికి విశేషణం. లాటిన్ విశేషణం నామవాచకం లింగాన్ని బట్టి తోక మార్చుకుంటుంది. మామిడికి ఇండికా, నువ్వులకు Sesamum indicum. సెసామమ్ నపుంసకం కాబట్టి అక్కడ ఇండికమ్. మనకూ 'గుణవంతుడు, గుణవంతురాలు' ఉన్నాయి కాబట్టి ఇది మరీ కొత్తేమీ కాదు. జాతిని ఒక ప్రజాతి నుంచి ఇంకోదానికి మారిస్తే ఈ తోకను కూడా సరిచేయాలి.

మాట ఏ భాషదైనా ఫర్వాలేదు, నడక లాటిన్ వ్యాకరణానిది. లాటిన్ అప్పటి యూరప్‌లో అన్ని దేశాల పండితులూ రాసుకున్న భాష, ఎవరి ఇంటి భాషా కాదు. 2012 నుంచి కొత్త మొక్క వర్ణనను ఇంగ్లిష్‌లోనూ రాయవచ్చని ఒప్పుకున్నారు. పేరును మాత్రం ఇప్పటికీ లాటిన్ పేరుగానే పరిగణిస్తారు.

ఇక పెద్దక్షరం సంగతి. ఒంటరిగా నిలబడే ప్రజాతి పేరుకు అది దక్కింది, దాన్ని ఆనుకుని ఉండే మాటకు దక్కలేదు. వినడానికి తేలికే. కానీ ఆ రెండో మాట మనిషి పేరైతే? దానికి జవాబు మన పోపులోనే ఉంది.

లిన్నేయస్ శిష్యుల్లో జొహాన్ గెర్‌హార్డ్ కోనిగ్ ఒకడు. 1768లో డేనిష్ మిషన్ వైద్యుడిగా తరంగంబాడిలో దిగి, ఆర్కాటు నవాబు దగ్గరా, ఆ తర్వాత ఈస్టిండియా కంపెనీలోనూ పనిచేశాడు. దక్షిణాది మొక్కలను గురువుకు పంపేవాడు. 1771లో లిన్నేయస్ కరివేపాకుకు Bergera koenigii అని పేరు పెట్టాడు. 'కోనిగ్ యొక్క' అని రెండో మాటకు అర్థం. కోనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఆ రోజుల్లో సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ ఆయనకు చివరి వైద్యం చేశాడు.

ఇది 'బెర్గెరా' కాదు, 'మురాయా' ప్రజాతిలోదని తర్వాత స్ప్రెంగెల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు తేల్చాడు. పేరు Murraya koenigii అయింది. మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నది అదే. ఇటీవల డీఎన్ఏ పరిశీలనల్లో కరివేపాకు అసలైన మురాయాలకు, అంటే తోటల్లో కంచెగా పెంచే తెల్లపూల మొక్కలకు, అంత దగ్గరిది కాదని తేలింది. లండన్‌లోని క్యూ ఉద్యానం జాబితా మళ్లీ బెర్గెరాకే వచ్చింది. ప్రజాతి అటూ ఇటూ మారినా కోనిగ్ కదల్లేదు. ప్రజాతి అంటే ఈ జీవి ఎవరి చుట్టమన్న విషయంలో శాస్త్రజ్ఞుల అభిప్రాయం, అది మారవచ్చు. అందుకే కరివేపాకు మీద పరిశోధనలు వెతికే ఫార్మసీ విద్యార్థి రెండు పేర్లతోనూ వెతకాలి. లేకపోతే సగం పత్రాలు చేజారతాయి.

పాత వృక్షశాస్త్ర గ్రంథాలు తెరిస్తే Murraya Koenigii అని రెండో మాటకూ పెద్దక్షరం కనిపిస్తుంది. అది అచ్చుతప్పు కాదు. మనుషుల పేర్లు, స్థానిక భాషల మాటలు, ఒకప్పటి ప్రజాతి పేర్లు రెండో స్థానంలో వస్తే పెద్దక్షరం పెట్టే అలవాటు లిన్నేయస్ నాటి నుంచీ ఉంది. అందులో ఇబ్బంది ఏమిటంటే, రాసే ప్రతివాడికీ ప్రతి మాట పుట్టుక తెలిసి ఉండాలి. ఇది ఎవరి పేరు, ఇది ఒకప్పుడు ప్రజాతిగా ఉండేదా అని ఆరా తీయాలి. జంతుశాస్త్ర నియమావళి ఆ గొడవ వదిలేసి రెండో మాటకు ఎప్పుడూ చిన్నక్షరమేనని కట్టడి చేసింది. వృక్షశాస్త్రజ్ఞులు చాలాకాలం 'ఇష్టమైతే పెట్టుకోండి' అంటూ వెసులుబాటు ఇచ్చి, చివరికి అదే దారికి వచ్చారు. నాకు జంతుశాస్త్రవేత్తల మొండితనమే నచ్చుతుంది. గౌరవం కోసం అక్షరం పెంచితే చదివేవాడికి ఏది ప్రజాతో తెలియకుండా పోతుంది.

వేప దగ్గర ఈ తికమక మరీ ఎక్కువ. లిన్నేయస్ వేపనూ తురకవేపనూ ఒకే 'మెలియా' ప్రజాతిలో పెట్టాడు. వేపకు ఆయన పెట్టిన జాతి మాట 'ఆజాదిరాక్టా', పారశీకం నుంచి వచ్చింది. వేపాకు ఈనెకు రెండు పక్కలా రెబ్బలుంటాయి. తురకవేపలో ఆ ఈనె మళ్లీ చీలి, ఆ చీలికల మీద రెబ్బలు వస్తాయి. ఇలాంటి తేడాలు చూసి 1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆద్రియెన్ ద జూసియు వేపను వేరుచేసి 'ఆజాదిరాక్టా'నే ప్రజాతి పేరు చేశాడు. రెండో మాట పాతదే ఉంచితే Azadirachta azadirachta అవుతుంది. మొక్కల నియమాలు ఇలా ఒకే మాట రెండుసార్లు రావడాన్ని ఒప్పుకోవు. అందుకే వేపకు 'ఇండికా' వచ్చింది. జంతువుల వాళ్లకు ఈ పట్టింపు లేదు. నాగుపాము పేరు Naja naja. మన 'నాగ' శబ్దమే రెండుసార్లు వచ్చింది, మొదటిసారి ప్రజాతిగా పెద్దక్షరంతో, రెండోసారి జాతిగా చిన్నక్షరంతో. ఆ ఒక్క అక్షరం లేకపోతే రెంటికీ కంటికి కనపడే తేడా ఏమీ లేదు.

పొదుపు కోసం ప్రజాతి పేరును మొదటి అక్షరానికి కుదించే అలవాటు ఒకటుంది. ముందు ఒకసారి పూర్తిగా రాసిన తర్వాతే అది చెల్లుతుంది. ఉత్త A. indica అంటే వేపా కావచ్చు, దొడ్లో మొలిచే మురిపిండి Acalypha indica కూడా కావచ్చు. ఈ.కోలి అంటే మనం బాక్టీరియా అనుకుంటాం. పేగుల్లోనే ఉండే ఎంటమీబా కోలి అనే ఏకకణ జీవి పేరును కుదించినా అదే ఈ.కోలి.

పార్కుల్లో, కాలేజీ తోటల్లో చెట్లకు బోర్డులు రాయించేవారికి, మందుల సీసాల మీద లేబుళ్లు వేయించేవారికి ఒక మాట. ప్రజాతి పేరు పూర్తిగా, మొదటి అక్షరం పెద్దది, మిగతావన్నీ చిన్నవి. రెండో మాట ఇండికా అయినా కోనిగ్ అయినా పూర్తిగా చిన్నక్షరాల్లోనే. రెండూ ఏటవాలు అక్షరాల్లో వేయించండి. పెయింటర్ చేతి రాతైతే రెండు మాటల కిందా విడివిడిగా గీత గీయిస్తే చాలు.